కోటు ఫొటోలో మెడ

నా పనిలో తప్పు పట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ రోజు తప్పు నిజంగా నాదే కావడంతో మంట రెండింతలైంది.

అది 2002. హుస్సేనీ ఆలంలో నాదో చిన్న ఫొటో స్టూడియో. కొత్తగా కంప్యూటర్ కొన్నాక, కోటు లేని పెళ్ళికొడుకులకు కోటు తొడగడం మొదలుపెట్టాను. నేనే అరువు కోటు వేసుకుని ఫొటో దిగి, దాని మీద ముఖాలు మార్చేవాణ్ణి. వచ్చినవాడి ముఖాన్ని గడ్డం కింద కత్తిరించి, నా మెడ మీద కూర్చోబెట్టి, అంచు మెత్తబరిచి, చర్మం రంగు కలిపితే అయిపోయేది. వచ్చినవాడి ముఖం మీద వెలుగు నా కోటు ఫొటోకు అవతలి వైపు నుంచి పడినా, ముఖాన్ని అద్దంలోలా తిప్పేవాణ్ణి కాదు, మళ్ళీ ఫొటో తీసేవాణ్ణి. తిప్పితే కుడి బుగ్గ మీది పుట్టుమచ్చ ఎడమకు పోతుంది మరి! ముఖం విషయంలో అంత జాగ్రత్త. మెడ సంగతి మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

ఒక సాయంత్రం, నా దగ్గర కోటు ఫొటో చేయించుకున్న ప్రహ్లాద్ అనే గుమాస్తా వచ్చి, నేను చేసిచ్చిన ఫొటోను బల్ల మీద కొట్టాడు.

"ఏంది వైకుంఠమన్నా, గిట్ల జేసినవ్? పిల్లనిస్తనన్న రామ్‌చందర్ సేటు నన్ను జూసి వద్దంటున్నడు. ఫొటోల గొంతు మీద పుట్టుమచ్చ ఉంది, నాకు లేదు. నా మెడ మీద కాలిన మచ్చ ఉంది, ఫొటోల లేదు. వేరేటోని ఫొటో పంపి మోసం జేసిన్రంటున్నడు."

చూశాను. గొంతు మీద నల్లటి పుట్టుమచ్చ. ఓరి దేవుడా, నాదే!

"నాకు సేటు బిడ్డ రచన మస్తు నచ్చిందన్నా," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

స్టూడియోకు తాళం వేసి, అతణ్ణి స్కూటరెక్కించుకుని బేగంబజార్ పోయాను. రామ్‌చందర్‌ది కింద గిన్నెల దుకాణం, పైన ఇల్లు. ఆయన నోరు తెరవకముందే నా కాలరు గుండీలు విప్పాను.

"సేటూ, గీ మచ్చ నాది. ఫొటోల ముఖమే గీ పిల్లగానిది, మెడ నాది. తప్పంత నాదే."

ఆయన ఫొటోనూ నా గొంతునూ మార్చి మార్చి చూశాడు. లోపలికెళ్ళి మరో ఇద్దరు పెళ్ళికొడుకుల ఫొటోలు తెచ్చాడు. రెండిట్లోనూ అదే కోటు, అదే మచ్చ.

"గీళ్ళు గూడ నీ గిరాకీలేనా?"

"అవ్ సేటూ."

"గొంతు మీద మచ్చుంటె అదృష్టమట, ముగ్గురికీ ఉందని మా అమ్మ మస్తు మురిసింది గదయ్యా!" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. అంతలోనే ముఖం ముడిచాడు. "మరి కాలిన మచ్చెందుకు దాసిన్రు?"

ప్రహ్లాద్ కాలరు వెనక్కి లాగి చూపించాడు. "చిన్నప్పుడు వేడి పాలు పడ్డయ్. కోటు ఫొటో కావాలన్న, గంతే. దాద్దామనుకోలే."

గుమ్మం దగ్గర నిలబడ్డ రచన నన్ను అడిగింది. "మళ్ళ ఫొటో తీస్తవా కాకా? కోటొద్దు. ఆయన మెడనే ఉండాలె. పక్కకు నేను గూడ నిలవడుత."

రామ్‌చందర్ నోరెళ్ళబెట్టాడు. "లగ్గం గాకముందేనా బిడ్డా?"

"ఎట్లయినా అయితది గద బాపూ," అంది రచన.