దూరపు గుడి

హలో, వినబడుతోందా? అందరూ బాగున్నారా? నేను రేవులో పడవల ఇంజన్లు బాగు చేసే మనిషిని. చదువు ఏడో తరగతి దాకే, తప్పులుంటే సర్దుకోండి. ఇది మా బావ సంగతి.

మా అక్క మొగుడు చిన్న పడవ నడిపేవాడు. ఆకాశం చూడనిదే పడవ ఎక్కేవాడు కాదు. నేను వారం పాటు ఆ పడవ ఇంజన్ విప్పి బిగించాను. తెల్లారగానే దాన్ని లోతు నీళ్లలో పరుగెత్తించాలని నా ఆత్రం.

ఆ సాయంత్రం పడమర ఎర్రగా మండింది. చీకటి పడ్డాక చందమామ చుట్టూ దూరంగా పెద్ద వలయం కనిపించింది. దాన్నే గుడి అంటాం. బావ తలెత్తి చూస్తూ నిలబడిపోయాడు.

“రేపు వద్దులే బామ్మర్దీ. దూరపు గుడి, దగ్గర వాన. కొంగలు కూడా ఒడ్డుకొచ్చేశాయి.”

“కొంగలు చేప పేగుల కోసమొచ్చాయి బావా, నీకు చెప్పిపోడానిక్కాదు. సందె ఎరుపు రేపటికి తెరుపని నువ్వేగా అనేది? ఇందాక చూళ్లేదా?”

“అదీ నిజమేననుకో...”

“మరింకేం? లేదంటే అక్క కొంగు పట్టుకుని కూర్చో.”

పక్కన వలలు సర్దుతున్నవాళ్లంతా నవ్వారు. బావ కూడా నవ్వాడు. రేవు గోడ మీద హెచ్చరిక జెండా కూడా లేదు. తెల్లారి బావ ఒక్కడే వెళ్లాడు.

మధ్యాహ్నానికి తూర్పు నల్లబడింది. గాలివాన విరుచుకుపడింది. మూడో రోజు డీజిల్ డబ్బా ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాని మీద నేను వేసిన నీలం రంగు అలాగే ఉంది.

తర్వాత వాతావరణ ఆఫీసు మేడం ఆ రోజు వివరాలు రాసుకోడానికి వచ్చింది. ఆరేళ్లుగా రేవు సామెతల్ని నోటుబుక్కులో సరిచూస్తోందట. ఆ సాయంత్రం ఎరుపు, కొంగలు, గుడి సంగతి చెప్పాను.

“సందె ఎరుపు పడమర తెరిపిగా ఉందని చెబుతుందంతే అన్నయ్యా. వాన పడమర నుంచి వచ్చే చోట అది పనికొస్తుంది. ఈ నెలల్లో మనకి తూర్పు సముద్రం నుంచి వస్తుంది. కొంగలకీ వానకీ పొత్తేం దొరకలేదు.”

“మరి గుడి?”

“పైన పల్చటి మబ్బులో మంచు పలుకులుంటాయి. వెన్నెల వాటిలో వంగి వలయం కడుతుంది. పెద్ద వానకి ముందు చాలాసార్లు ఆ మబ్బే వస్తుంది. నా లెక్కలో పదింట ఆరుసార్లు వాన పడింది.”

“నాలుగుసార్లు పడలేదుగా మేడం?”

“పడలేదు,” అంది మెల్లగా. నా మొహం చూసి పుస్తకం మూసేసింది.

బావ నోటినుంచి వచ్చిన మాటల్లో నిలబడేది ఆ గుడి మాట ఒక్కటే. దాన్నే నేను నవ్వులపాలు చేశాను.

అక్క మాత్రం రోజూ ఒకటే మాట. “ఆకాశం చూడకుండా ఎలా వెళ్లాడ్రా? అంత అజాగ్రత్త మనిషి కాదే!”

ఇవాళ పొద్దున ఉండబట్టలేక చెప్పేశాను. “చూశాడక్కా. వద్దన్నాడు. నేనే ఎగతాళి చేసి పంపాను.”



“చూశాడన్నమాట,” అంది అక్క. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మీకు తెలిసినవాళ్లలో పడవెక్కేవాళ్లుంటే ఇది వాళ్లకి పంపండి. వాళ్లని ఎగతాళి చేసే బామ్మర్దులుంటే ముందు వాళ్లకి పంపండి.