నీలి గీత మీదే

మధ్యాహ్నం రెండింటికి అతని పని పోతుంది. ఇప్పుడు సమయం పదకొండున్నర.

పొద్దున్నే ఫోనులో కంపెనీ యాప్ మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి. 'ఈ వారం మూడుసార్లు దారి తప్పారు. మీ ఐడీ ఆపేశాం. తుది నిర్ణయం 2 గంటలకు.' ఐడీ పోతే అదే ముఖంతో, అదే నంబరుతో మళ్లీ చేర్చుకోరు. నలభై ఎనిమిదేళ్లవాడికి ఇంకెక్కడ పని దొరుకుతుంది?

దారి తప్పడమట! అతను పద్దెనిమిదేళ్లు కొరియర్ ఆఫీసులో కవర్లు విడదీశాడు. చిరునామా సగం చిరిగిపోయినా ఏ వీధో, ఎన్నో ఇల్లో చెప్పేవాడు. ఆ ఆఫీసు మూతపడ్డాక యాప్ ఆర్డర్ల మీద బండిపై భోజనాలు మోస్తున్నాడు. తోటి రైడర్లకు అతను అడ్రసన్న.

సహాయం కోసం చాట్‌లో రాస్తే మూడుసార్లూ ఒకటే జవాబు వచ్చింది. 'మీ ఇబ్బంది అర్థమైంది.' దాంతో నేరుగా ఈ ప్రాంతపు ఆఫీసైన హబ్‌కి వెళ్లాడు.

హబ్ మేనేజరు కుర్రాడు. మర్యాదస్తుడే. "మ్యాప్ మీద నీలి గీత ఉంటుంది కదన్నా, మీరు పక్క సందులోకి పోయారు."

"రైల్వే గేటు పన్నెండూ నలభైకి పడుతుంది సార్. గూడ్సు బండ్లు అటూ ఇటూ తిరిగి, గేటు లేచేసరికి ఒంటిగంటా పావు. మీ గీత ఆ గేటు మీంచే పోతుంది. కలప అడితి సందులోంచి పట్టాల కింద దూరిపోతే నాలుగు నిమిషాలు."

"గేటు సంగతి సిస్టమ్‌కి తెలీదన్నా. అయినా దారి మీకెందుకు తెలియాలి? గీత మీద పోతే చాలు. కొత్తగా చేరినవాడు కూడా అదే చేస్తాడు."

అడ్రసన్నకు ఒళ్లు మండింది. నోరు మాత్రం అదుపులోనే ఉంది. "ఆ మాట మా గ్రూపులో పెట్టండి సార్, అందరికీ ఉపయోగం."

మేనేజరు సంతోషంగా పెట్టాడు. 'రైడర్లందరూ మ్యాప్ గీత మీదే వెళ్లాలి.'

బయట హోటల్ ముందు మరదలు బండి మీద కూర్చుని ఉంది. ఆమె కూడా రైడరే. గేటు తప్పించుకుని సందులో పోయినందుకు ఆమెకూ రెండు తప్పు మార్కులు పడ్డాయి. ఇంకొక్కటి పడితే ఆమె ఐడీ కూడా అంతే.

"ఏంటి బావా, ఉద్యోగం ఊడిందా? ఇక అక్క చేత తిట్లు తినడమే ఫుల్‌టైమా?"

"నవ్వడం తర్వాత. సమ్మె చేస్తే ఏమవుతుంది?"

"ఆర్డర్లు కాదంటే రేటింగు పడిపోతుంది. రేపటి స్లాట్లు ఇవ్వరు. మన చోట్లో కొత్తవాళ్లు దిగుతారు."

"కాదనొద్దు. ఒక్క ఆర్డరూ వదలొద్దు. గ్రూపు చూడు. సార్ ఏం చెప్పాడో అదే చేద్దాం."

ఆమె మెసేజ్ చదివింది. ముఖం వెలిగింది. "బావా, నువ్వు మామూలోడివి కాదు!"

వెంటనే తోటి రైడర్లందరికీ ఫోన్లు చేసింది. పన్నెండున్నరకు గాజు భవనాల ఆఫీసుల నుంచి ఆర్డర్లు మొదలయ్యాయి. ఒక్కరూ కాదనలేదు. ఒక్కరూ సందులోకి తిరగలేదు. పన్నెండూ నలభైకి గేటు పడింది. దాని ముందు బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. పది, ఇరవై, నలభై. అడ్రసన్న కూడా ఖాళీ బండితో వాళ్లలో నిలబడ్డాడు. ఎదురుగా గూడ్సు బండి ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ పోతుంది.

ఫోన్లు మోగుతున్నాయి. "గేటు దగ్గరున్నా మేడం. గీత ఇటే చూపిస్తోంది. సందులో తిరిగితే నా ఐడీ పోతుంది." అందరిదీ అదే సమాధానం. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఒంటిగంటకు మేనేజరు స్కూటర్ మీద వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. "నా స్క్రీనంతా ఎర్రబడిపోయింది! ఆ సందేదో చూపించండన్నా!"

"దారి మాకెందుకు తెలియాలి సార్?" అంది మరదలు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు అడ్రసన్నను పక్కకు పిలిచాడు. "నా చేతిలో ఉన్న పని చేస్తా. మీ ఐడీ ఇప్పుడే తెరుస్తాను. వీళ్లకు దారి చూపించండి, చాలు."

ఒక్క మాట అంటే చాలు, గండం గడిచినట్టే. వెనక్కి చూశాడు. మరదలు హెల్మెట్ అద్దం ఎత్తి తననే చూస్తోంది.

"నాదొక్కటే కాదు. ఈ గేటు దగ్గర పడ్డ మార్కులన్నీ తీసేయాలి, అందరివీ. గేటు పడినప్పుడు సందులో పోవచ్చని గ్రూపులో రాయాలి."

"అందుకు పైవాళ్లను అడగాలన్నా."

"అడగండి. గేటు లేవడానికి ఇంకా పావుగంట ఉంది."

మేనేజరు దూరంగా వెళ్లి ఫోనులో బతిమాలాడు. ఒంటిగంటా తొమ్మిదికి మరదలు ఫోను టింగుమంది. మార్కులు: సున్నా. తర్వాత పక్కవాడిది. ఆ తర్వాత వరసంతా. అడ్రసన్న ఐడీ మళ్లీ తెరుచుకుంది. చివర్లో గ్రూపులో మెసేజ్ వచ్చింది: 'గేటు పడితే సందులో పోవచ్చు.' అడ్రసన్న దాన్ని రెండుసార్లు చదివాకే బండి తిప్పాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు మేనేజరు. "మీకు తెలిసిన సందులన్నీ మ్యాప్‌లో గీసి పంపండన్నా. కంపెనీకి పనికొస్తాయి."

"ఆ పనికి నన్ను ఉద్యోగంలో పెట్టుకుంటారా? చేతికి కాగితం ఇచ్చి?"

"అది నా చేతిలో లేదన్నా."

"అయితే అవి నా తలలోనే ఉంటాయి సార్."

అడ్రసన్న కిక్ కొట్టి కలప అడితి వైపు తిరిగాడు. నలభై బండ్లు అతని వెనకే కదిలాయి.