నలభై ఒకటో ఫొటో

రోజూ పదకొండింటికి అమ్మమ్మ పది ఫొటోలు పట్టుకుని స్టూడియోకి వెళ్ళేది. స్టూడియో అతను గాజుపలకను మెత్తటి గుడ్డతో తుడిచి, ఫొటోని అంచులు పట్టుకుని బోర్లా పెట్టేవాడు. ముందువైపు ఒకసారి, వెనకవైపు రాత కోసం మరోసారి స్కాన్ చేసేవాడు. వెనకాల మెత్తటి పెన్సిల్‌తో నంబరు వేసేవాడు. పెన్నుతో గట్టిగా రాస్తే ముఖాల మీద గీతలు తేలతాయట. ఆమె చెప్పిన కథను ఆ నంబరు కిందే టైపు చేసేవాడు.

ఆమెకు సంతోషమూ లేదు, దిగులూ లేదు. మనసు మొద్దుబారి చాలా ఏళ్ళయింది. మనవరాలు, మనవడు వేరే ఊళ్ళో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. తను పోయాక వాళ్ళకి ఈ ముఖాలెవరివో చెప్పేవాళ్ళుండరని ఈ పని పెట్టుకుంది, అంతే.

ఐదోరోజు స్టూడియో అతను కంప్యూటర్ నుంచి తల తిప్పకుండానే అన్నాడు.

"అమ్మా, నలభై ఒకటిలో మీ అమ్మాయి వెనక్కి తిరిగిందండీ. కథ ఒకసారి చూసుకోండి."

"మరి పక్కనున్న పిల్లలో?"

"వాళ్ళు బానే ఉన్నారు."

కథలో అబద్ధముంటే ఫొటోలో మనుషులు వీపు చూపించడం మామూలే. పన్నెండో నంబరులో పెద్ద బావగారు కూడా అలాగే తిరిగాడు. ఆయన తాగుడు సంగతి కలిపాక దారికొచ్చాడు.

నలభై ఒకటి కింద ఇలా ఉంది: "మీ అమ్మ మిమ్మల్ని నాకు వదిలేసి వెళ్ళిపోయిన రోజు." ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్న మాటే. దిద్దకపోతే వాళ్ళకి తల్లి వీపే మిగులుతుంది. దిద్దితే వాళ్ళకి తను మిగలదు.

"తేదీ తప్పేమోనండీ," అన్నాడతను.

"తేదీ కాదులే నాయనా."

ఇంటికొచ్చి ఉత్తరం రాసింది.

"పిల్లలూ, పెట్టెలో ఫొటోలు, పెన్‌డ్రైవ్ ఉన్నాయి. పెన్‌డ్రైవ్ చెడిపోవచ్చు, వెంటనే ఇంకోచోట కాపీ పెట్టుకోండి. ఇక నలభై ఒకటి. మీ అమ్మ ఆరు నెలల్లో వస్తానని పనికోసం వెళ్ళింది. అన్నట్టే వచ్చింది. మిమ్మల్ని తీసుకుపోతే నాకెవరూ ఉండరన్న భయంతో, మీకు తనని చూడాలని లేదని అబద్ధం చెప్పి గుమ్మంలోంచే పంపేశాను. తను రాసిన ఉత్తరాలు అడుగున ఉన్నాయి. చివరిదాని మీద అడ్రసుంది. వెళ్ళండి. నన్ను తర్వాత తిట్టుకుందురుగాని."

మర్నాడు స్టూడియో అతను ఆ కథ టైపు చేసి, మళ్ళీ స్కాన్ చేశాడు. కూతురు ముందుకు తిరిగింది. చూపు మాత్రం అమ్మమ్మ వైపు లేదు, పిల్లల మీదే ఉంది.

"ఇప్పుడు సరిపోయిందండీ," అన్నాడతను.

పెట్టె పంపిన తొమ్మిదో రోజు మనవడు ఫోన్ చేశాడు. పలకరింపు లేదు.

"అమ్మ పక్కనే ఉంది. మాట్లాడతావా?"

ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇవ్వు," అంది.