పేదోళ్ల మార్కు

రెజీనా పరీక్ష పేపర్లో 'ది పూర్ ఆర్ హానెస్ట్' అన్న వాక్యంలో 'ఆర్'ని పెంచలకృష్ణ మాస్టారు ఎర్ర ఇంకుతో కొట్టేయడం చూసి, తోటి ఇంగ్లీషు టీచరు ఫేబీకి ఒళ్లు మండింది.

"ఆర్ ఎందుకు తప్పు సార్?"

"పూర్ చివర ఎస్ ఏదమ్మా? ఇజ్ రావాల."

"ముందు 'ది' ఉందిగా. ది పూర్ అంటే పేదోళ్లంతా అని. దానికి ఎస్ పెట్టకూడదు, ఆర్ పెట్టాల్సిందే."

"వలలు లాగేవాళ్ల పిల్లని వెనకేసుకు రాబాక. ఈ పేదోళ్లు ఎంత చెప్పినా మారరు."

స్టాఫ్ రూం అంతా తలలెత్తి చూసింది. ఫేబీ ఆ పేపరును ఆయన ముందుకు తోసింది.

"మారరు అన్నారే గానీ, మారడు అన్లేదే! తిట్టేటప్పుడు అందరూ గుర్తొస్తారు, మార్కు వేసేటప్పుడు మాత్రం ఒక్కడేనా సార్?"