ఆరని ట్రే

బదిలీ కోరుతూ అర్జీ పెట్టినట్టు ఆవిరక్క నాకు చెప్పలేదు. సోమవారం పొద్దున్న నర్సింగ్ సూపరింటెండెంట్ గారి బల్ల మీద ఆ కాగితం నాకు తలకిందులుగా కనబడింది. తలకిందులుగా ఉన్నా ఆ సంతకాన్ని పోల్చుకోగలను. పంతొమ్మిదేళ్లుగా ప్రతి ట్రే చీటీ మీదా చూస్తున్నదే.

నేను ఆపరేషన్ థియేటర్ ఇన్‌చార్జి నర్సుని. కింది అంతస్తులో ఆవిరక్క గది. వాడిన పనిముట్లను కడిగి, ట్రేలలో సర్ది, గుడ్డలో చుట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి క్రిములు లేకుండా చేసే పని ఆమెది. అందుకే ఆ పేరు. ఆమె చేయి పడని కత్తెర మా థియేటర్‌లోకి రాదు.

సూపరింటెండెంట్ గారు దాచలేదు. ఎముకల డాక్టరుతో పడటం లేదని రాసిందట. శుక్రవారం దాకా ఆపుతాననీ, ఆ తర్వాత పైకి పంపించేస్తాననీ అన్నారు. "మొన్న క్లాసు చెప్పాను కదా, వాడి చూడమ్మా," అని నవ్వారు కూడా.

ఆ క్లాసు నా నోట్సులో ఉంది. గొడవలో మనిషి పట్టే దారులు అయిదని చెప్పారు. తప్పుకోవడం, సర్దుకుపోవడం, పట్టుబట్టడం, చెరిసగానికి రాజీపడటం, ఇద్దరి అవసరమూ తీరే దారి కలిసి వెతకడం. ఏదీ చెడ్డది కాదు, సమయాన్ని బట్టి ఎంచుకోవాలి అన్నారు. చివరి మాట కింద నేను గీత కూడా గీశాను. కానీ ఆ రోజు మెట్లు దిగుతుంటే నా తలలో ఉన్నది ఒక్కటే. అక్క వెళ్లిపోతుంది. మా అన్నయ్య బస్సెక్కుతూ వెనక్కి తిరిగి చూడకపోవడం, నాతో చదివిన స్నేహితురాలు ఉత్తరం కూడా లేకుండా మాయమవడం, అన్నీ ఒక్కసారే కాళ్లకు అడ్డం పడ్డాయి. మనుషులు వెళ్లిపోతారేమోనన్న భయం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు లాంటిది.

గొడవేమిటో అందరికీ తెలుసు. యంత్రంలోంచి తీసిన ట్రే నిప్పులా ఉంటుంది. వేడిగా ఉండగా దాన్ని కదిపితే, చల్లటి బల్ల మీద పెడితే, లోపలి ఆవిరి నీరవుతుంది. గుడ్డ తడిస్తే ఆ తడిలోంచి క్రిములు లోపలికి పాకుతాయి. తడిసిన ట్రేని క్రిములు పడ్డ ట్రేగానే లెక్కగట్టాలి. అందుకని బండి మీదే, ముట్టుకోకుండా ఆరనివ్వాలి. ఎముకల ట్రే ఉక్కు ముద్ద, మిగతావాటికంటే బరువు. దానికి కనీసం గంట అని ఆవిరక్క గోడ మీద రాసి అంటించింది. ఎముకల డాక్టరుకు ఆ గంట కంట్లో నలుసు. పైనుంచి రోజుకు నాలుగుసార్లు ఫోన్. ఆరబెట్టడానికి అవేమన్నా వడియాలా అని ఒకసారి, కిందివాళ్లకు కాళ్లు చాపుకోవడానికి గంట కావాలి కాబోలు అని ఒకసారి. ఆ రెండో మాట ఆవిరక్క చెవిన పడింది.

ఇన్నాళ్లూ నేను చేసిందల్లా తప్పుకోవడమే. ఫోన్ మోగితే చేతులు కడుక్కోవడానికి వెళ్లేదాన్ని. ఇంక తప్పుకుంటే లాభం లేదని ఆ సోమవారం నేనే రాయబారం నడిపాను. డాక్టరు వెంటనే కావాలంటాడు, అక్క గంట అంటుంది. చెరిసగం అరగంట. క్లాసులో నేర్చుకున్నది ఇంత తొందరగా పనికొచ్చినందుకు నాకు నేనే మురిసిపోయాను.

ఆవిరక్క చేతి తొడుగులు తీస్తూ నా మొహం చూసింది. "అరగంటా? నువ్వే అంటున్నావా ఈ మాట?"

"కొన్నాళ్లు చూద్దామక్కా. ఆయనా కొంచెం తగ్గుతాడు."

"ఆయన తగ్గుతాడు. ఉక్కు తగ్గుతుందా?"

నా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయని ఆమెకు తెలిసే ఉంటుంది. "సరేలే. నీ కోసం," అంది. ఆ మాట చాలనుకున్నాను. అంతకంటే ఏం వినాలనుకోలేదు.

బుధవారం పొద్దున్న తొడ ఎముక విరిగినవాళ్లు ఇద్దరు, వెంటవెంటనే. మొదటి కేసుకు వాడిన ట్రేనే రెండోదానికీ కావాలి, ఎందుకంటే మా రెండు ఎముకల ట్రేలలో ఒకటి మరమ్మతుకు పోయింది. కిందికి పంపాం, ఆవిరక్క కడిగి, చుట్టి, యంత్రంలో పెట్టింది, అరగంట ఆరబెట్టి పైకి పంపింది. రెండో మనిషి వడ్రంగి, అరవై దాటినవాడు. వెన్నులో మత్తు సూది ఇచ్చేశారు. నడుం కింద నుంచి మొద్దుబారింది కానీ మెలకువగానే ఉన్నాడు. పైన దీపం చూస్తూ, తన పనిముట్లయితే ఇంత మెరవవని ఎవరితోనో అంటున్నాడు.

పనిముట్లు అందించే నర్సు చిన్నపిల్ల, చేరి రెండేళ్లు కాలేదు. ట్రే మీది పై గుడ్డ విప్పి ఆగిపోయింది.

"మేడం, ఒకసారి ఇటు రండి."

అడుగు గుడ్డ మీద అరచేయంత మచ్చ. తడి. మూల మీద రెండు చుక్కలు నిలిచి ఉన్నాయి.

డాక్టరు అప్పటికే చేతులు కడుక్కుని, పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. సంగతి చెప్పాను. యంత్రంలోంచి ఇప్పుడే వచ్చిన నీళ్లు కదా, మంచినీళ్లకంటే శుభ్రం అన్నాడు. మనిషి మత్తులో ఉన్నాడు, టైము పోతోంది, తెరవమన్నాడు. మత్తు డాక్టరు గడియారం వైపు చూశారు.

ఆ రోజు దాకా నేను ఆయన మాటకు ఎదురు చెప్పింది లేదు. చిన్న విషయాల్లో అది తప్పు కూడా కాదు. ఆయన పాటలు పెట్టమంటే పెట్టేవాళ్లం, స్టూలు ఎత్తు మార్చమంటే మార్చేవాళ్లం, మాకు పోయేదేమీ లేదు. ఇప్పుడు పోయేది ఆ వడ్రంగికి. ఎముకలోకి క్రిమి చేరితే కాలు పోవచ్చు. ఇక్కడ సగం ఇచ్చే వీలు లేదు, తర్వాత మాట్లాడుకుందామనే వీలూ లేదు.

"తెరవం సార్."

"సిస్టర్, రెండు చుక్కల కోసం ఆయన్ని తిప్పి పంపిస్తావా?"

"పంపిస్తాను. తడి ట్రే నా థియేటర్‌లో తెరవను. మీరు రాతపూర్వకంగా కంప్లైంట్ పెట్టండి, నేనూ జరిగింది జరిగినట్టు రాస్తాను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన ఇంకేదో అన్నాడు, బాధ్యత తెలియని మనుషులని. దానికి మాత్రం జవాబు చెప్పలేదు. గౌను వేసుకుని, ఆకలి మీద ఉన్న మనిషితో అప్పుడు వాదిస్తే అసలు సంగతి పోయి ఆ మాటే మిగులుతుంది. పిల్ల వైపు తిరిగి, ట్రే పక్కన పెట్టి చీటీ రాయమన్నాను. ట్రే మళ్లీ విప్పి, చుట్టి, యంత్రంలో తిరిగి, ఆరి వచ్చేలోపు మత్తు దిగిపోతుంది. వడ్రంగిని వార్డుకు పంపాం, మర్నాడు పొద్దున్న చేస్తామని. ఊరికే పొడిచారా నన్ను అని ఆయన అడిగాడు. పనిముట్టు సరిగ్గా లేదు, తప్పు మాదే అని చెప్పాను.

కిందికి వెళ్లేసరికి ఆవిరక్కకు అప్పటికే తెలిసింది. నన్ను చూసి లేవలేదు.

"నేను పంపకూడదు," అంది. "అరగంటకు చేయి పెట్టి చూశాను. గుడ్డ మీదికే వేడి తగిలింది. అయినా పంపాను. ఎందుకో తెలుసా? నువ్వు ఏడుస్తావని."

"తప్పు నాదక్కా."

"నీదే. నాదీను. డాక్టరు పొమ్మన్నట్టు మాట్లాడితే అర్జీ మాత్రమే పెట్టాను. నువ్వొచ్చి నా మాట సగానికి నరికావు. అందుకే ఇప్పుడు నిజంగా వెళ్తాను."

ఉండమని కాళ్లావేళ్లా పడబోయి ఆగాను. అది మళ్లీ నా భయం తీర్చుకోవడమే అవుతుంది. ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను, అరగంట నిర్ణయం నాదేనని స్పష్టంగా. మర్నాడు గంటకు పైగా ఆరిన ట్రేతో వడ్రంగి ఆపరేషన్ అయ్యాక, డాక్టరు టీ తాగి మెత్తబడ్డాక, ఆయన్ని కిందికి రమ్మన్నాను. ఆవిరక్కనూ ఉండమన్నాను. ఈసారి ఎంతసేపు అని అడగలేదు. గంటకు బేరం లేదు, అది పక్కన పెడదాం, మీకేం కావాలో చెప్పండి అన్నాను.

డాక్టరు మొదట గోడవైపు చూస్తూ మాట్లాడాడు. రెండింటికల్లా బయటి రోగులను చూసే గదిలో ఉండాలట. అక్కడ కట్లు కట్టుకుని అరవై మంది నిలబడతారు. ఆలస్యమైతే మాట పడేది ఆయనే. నాకది ఇన్నేళ్లూ తెలియదు. ఆవిరక్క అడిగింది, "మీ లిస్టు నాకు ఎప్పుడొస్తుందో మీకు తెలుసా సార్? పొద్దున్న ఎనిమిదింటికి. ఏ కేసు తర్వాత ఏ కేసో చూసేసరికి మొదటి మనిషి బల్ల మీద ఉంటాడు. ఉన్నది ఒక్క ట్రే. రెండు తొడలు పక్కపక్కన రాస్తారు."

"ఒక్కటేనా? రెండున్నాయి కదా."

"ఒకటి మరమ్మతుకు పోయి రెండు నెలలు. నాతో కాదు, నా గంటతో మాట్లాడుతున్నారు మీరు, ఎలా తెలుస్తుంది?"

ఆయనకు నవ్వు రాబోయి ఆగింది. జేబులోంచి శుక్రవారం లిస్టు తీసి బల్ల మీద పరిచాడు. రెండు తొడల మధ్య చేతివేళ్ల కేసూ, మణికట్టు కేసూ పెట్టొచ్చు, వాటి ట్రేలు వేరే. ఆ రెండూ అయ్యేసరికి తొడల ట్రే శుభ్రమై, కాగి, గంట ఆరి వస్తుంది. ఆయన రెండింటికల్లా బయటపడతాడు. ముందురోజు మూడింటికి లిస్టు తానే కిందికి తెచ్చిస్తాననీ, మరమ్మతు ట్రే సంగతి తాను తేలుస్తాననీ అన్నాడు. కాళ్లు చాపుకునే మాటకు క్షమాపణ చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ గోడ మీది కాగితం మాత్రం పూర్తిగా చదివాడు.

గది ఖాళీ అయ్యాక అడగక తప్పలేదు. రేపే శుక్రవారం.

"కాగితం వెనక్కి తీసుకుంటావా?"

"ఒక్క లిస్టు చూసి తీసుకోను. పక్షం రోజులు చూస్తాను."

"రెండు నెలలు చూడక్కా."

"నెల," అంది. "ఇది సగం చేయొచ్చు. ఆవిరిని చేయకూడదు. నెల దాకా ఆపమని సూపరింటెండెంట్ గారికి నేనే చెప్తాను. తర్వాత కూడా వెళ్లాలనిపిస్తే నీకే ముందు చెప్తాను. అప్పుడు నువ్వు ఏడవకూడదు, నేను తలుపు దాటేదాకా."

మాట ఇచ్చాను. ఇవ్వడం తేలికే. పైన తర్వాతి రోగిని లోపలికి తెచ్చారని పిలుపొచ్చింది. మెట్లెక్కుతూ వేళ్ల మీద లెక్కపెట్టాను. ముప్పై రోజులు. అందులో అక్క రాని ఆదివారాలు నాలుగు.