పిండితో మూసిన గిన్నె

నా భార్య ఖాతూన్‌బీకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి మొన్ననే ఆపరేషన్ చేశారు. పొగ తగలకూడదు, ఏదీ చింది పడకూడదు అన్నాడు డాక్టరు. ఈ కన్నూ పోతే ఇక చీకటే.

అందుకని మా కొడుకు అన్సర్ కువైట్ నుంచి తెచ్చిన మైక్రోవేవ్ తీశాడు. ప్రొద్దుటూరు మొత్తానికీ అదొక్కటే ఉన్నట్టు నీలిగాడు.

"పొగ లేదు, మంట లేదు. పొయ్యి జోలికి పోవాకు అమ్మీ."

మొదట బంగారు అంచున్న పింగాణీ పళ్లెంలో కూర పెట్టాడు. లోపల పటపటమని రవ్వలు లేచాయి. కోడలు ఫిర్దోస్ ఉరికొచ్చి ఆపేసింది.

"ఆ అంచు లోహమే గదా! స్టీలూ పెట్టొద్దు, ఇట్లాంటిదీ పెట్టొద్దు అంటి."

"కువైట్‌లో ఉండేది నువ్వా, నేనా?"

"ఆడ వండేది నువ్వా, మెస్సోళ్లా?"

తర్వాత టీ. నున్నటి గాజు గ్లాసులో నీళ్లు కాచాడు. బుడగ రాలేదు. కాగలేదని మళ్లీ పెట్టాడు. బయటికి తీసి టీపొడి వేయగానే నీళ్లు బుస్సున పైకి లేచి వాడి చేతి మీద పడ్డాయి.

ఫిర్దోస్ ఆ చేతిని కుళాయి కింద పట్టింది. "బుడగ రాకపోయినా కాగింటాది. ముందే చెక్క గరిటె ఏసి పెట్టాల. అయినాక కాసేపు కదపకూడదు. చెప్తే ఇనవు."

శుక్రవారం బిర్యానీ అన్నాడు. కోడిగుడ్లు ఉడికించి, ఒలిచి, గాటు పెట్టకుండా అన్నంలో కుక్కాడు. గాజు గిన్నెకు మూత పెట్టి, పొయ్యి మీద దమ్ముకు చేసినట్టే చుట్టూ గోధుమపిండి మెత్తాడు.

"ఆవిరి యాడికి పోతాది?" అంది ఫిర్దోస్.

"పోకూడదనేగదా దమ్ము! నోరు మూసుకో."

వాసన చూద్దామని ఖాతూన్‌బీ పెట్టె ముందుకు వంగింది. ఫిర్దోస్ ఆమె రెక్క పట్టి వెనక్కి లాగింది. అంతలోనే ఢామ్మంది. తలుపు ఊడినట్టు తెరుచుకుంది. మూత ఎగిరింది, గుడ్లు పగిలాయి. గోడలకు పచ్చసొన, నెయ్యి, మాడిన పిండి. మురిగిన గుడ్డు కంపు.

వాడికి సిగ్గు లేదు. పగలని గుడ్డు ఒకటి ఏరి, పళ్లెంలో పెట్టి వాళ్లమ్మకు ఇచ్చాడు.

"ఇది బాగుండాది. తిను అమ్మీ."

ఆమె స్పూను ఎత్తింది.

"పొడవద్దు అత్తమ్మా! లోపల ఆవిరుంటాది!"

నేను పళ్లెం మీద ఒక్కటి కొట్టాను. గుడ్డు నా కాళ్ల దగ్గర పడి తుపాకీలా పేలింది. చీలమండల దాకా చురుక్కుమంది.

"ఒక్క గుడ్డుకు ఇంత రభసా అబ్బా?" అన్నాడు వాడు నాతో.

ఛీ అనిపించింది. వాడి ముఖం చూడలేదు. ఖాతూన్‌బీ ముఖం చూశాను. ఒక్క చుక్క కూడా పడలేదు. ఆమె కిందికి చూస్తోంది.

"నీ కాళ్లు పచ్చగా అయినాయి చూడు," అంది.

ఆమెకు కనిపిస్తోంది.

మూల ఉన్న పాత గుడ్డ తీసి అన్సర్ మీదికి విసిరాను.

"తుడువు."