నీచు పోని గులాబీ సీసా

అశ్వినికి ఒళ్ళు మండిపోయింది. నెల రోజులు వాడి చూసి, రెండు గంటలు కూర్చుని రాసిన రివ్యూను ఆన్‌లైన్ షాపువాళ్ళు ఒక్క ముక్కతో తిప్పికొట్టారు. 'మీ రివ్యూలో అభ్యంతరకరమైన పదం ఉన్నందున ప్రచురించలేము.' ఎవరినైనా బూతులు తిట్టిందా? చేతులు కడుక్కునే సబ్బునీళ్ళ గురించి రాసింది, అంతే!

అశ్విని, ఆమె అత్త అచ్చాయమ్మ పాలకొల్లు మార్కెట్లో చేపలు అమ్ముతారు. తెల్లారింది మొదలు పొలుసు తీయడం, ముక్కలు కోయడం. ఇంటికి వచ్చి ఎంత తోముకున్నా అచ్చాయమ్మ ముద్ద కలిపి పెట్టబోతే అయిదేళ్ళ మనవరాలు శ్రీదుర్గ మొహం పక్కకు తిప్పేసేది. "నీచు నానమ్మా, అమ్మ పెడితే తింటా" అనేది. అమ్మ చేతిదీ అదే వాసన గానీ, అమ్మ స్పూనుతో పెట్టేది. అచ్చాయమ్మ కంచం పక్కన పెట్టి లేచిపోయేది. ఆ లేచిపోవడం అశ్వినికి గుచ్చుకునేది.

అందుకే రెండు సీసాలు తెప్పించింది. రెండూ అర లీటరువే. గులాబీరంగుది ఎనభై రూపాయలు, ఆకుపచ్చది నూట ఇరవై. గులాబీదాని కింద అయిదేసి చుక్కల పొగడ్తలు కుప్పలు. 'ఇవాళే వచ్చింది, సూపర్' అని రాసినవాళ్ళే అందులో సగం మంది. చెయ్యి తడపకుండానే చుక్కలు వేసే మహానుభావులు!

అశ్విని అలా చేయలేదు. పదిహేను రోజులు అత్తకు పచ్చది, తనకు గులాబీది. తర్వాత పదిహేను రోజులు అటుదిటు. పిల్ల జ్వరం మందుతో వచ్చిన చిన్న కప్పులోకి రెండు సీసాలనూ పదేసిసార్లు నొక్కి చూసింది. రెండూ ఇరవై మిల్లీలీటర్లే. అంటే ఏ సీసాకైనా రెండువందల యాభై నొక్కులు. పచ్చది ఒక్క నొక్కుతో సరిపోయింది, గులాబీదానికి రెండు కావాలి. అది పదిహేను రోజులకే అయిపోతే రెండోది కొనాల్సి వచ్చింది.

ఆ సంగతులే రాసింది. 'గులాబీదానికి నురగ బోలెడు, చేతినిండా పొంగుతుంది. నురగ చూసి మోసపోకండి, జిడ్డు అలాగే ఉంటుంది. చెయ్యి తెల్లగా పొడిబారి వేళ్ళ సందుల్లో పగుళ్ళు వచ్చాయి, ఉప్పు తగిలితే ప్రాణం పోతుంది. వాసన అరగంట ఘుమఘుమ, ఆపైన మళ్ళీ నీచు. పచ్చదానికి నురగ తక్కువ, చెయ్యి మెత్తగా ఉంటుంది, నిమ్మ వాసన లేతగా ఉండి నీచు పోతుంది. ఒకసారి కడిగితే పచ్చదానికి నలభై ఎనిమిది పైసలు, చవకనుకున్న గులాబీదానికి అరవై నాలుగు.'

ఇందులో అభ్యంతరం ఏంటో తేల్చుకుందామని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, అత్త వినేలా స్పీకరు పెట్టింది. ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

"మేడమ్, మీరు నీచ అనే తిట్టు వాడారండి. రెండుసార్లు. సిస్టమ్ పట్టుకుంది."

"తిట్టేంటండీ? నీచు! చేప వాసన! ఎవరిని తిట్టానంట?"

"సిస్టమ్‌కి రెండూ ఒకటేనండి. వేరే మాట రాయండి."

అచ్చాయమ్మ ఫోను లాక్కుంది. "అమ్మాయ్, మీదే ఊరు?"

"కొవ్వూరండి."

"గోదారొడ్డు పిల్లవే. మీ అమ్మ పులస కడిగితే చేతికొచ్చేదాన్ని మీ ఇంట్లో ఏమంటారు?"

గొంతు తగ్గించి, "నీచనే అంటామండి" అంది ఆ అమ్మాయి.

"మరి?"

"నేనేం చేయలేనండి, సారీ అండి."

"మనం కోసిన చేప అందరికీ కావాలి, మన చేతి వాసన పేరు మాత్రం తిట్టంట!" అని అచ్చాయమ్మ ఫోను మంచం మీద పడేసింది. నలభై ఏళ్ళుగా మోస్తున్న వాసనకు ఆమె ఎన్నడూ సిగ్గుపడలేదు, ఆ పూట కళ్ళు ఎర్రబడ్డాయి.

అశ్విని పళ్ళు నూరుకుంటూ మళ్ళీ రాసింది. నీచు ఉన్నచోటల్లా 'చేపలు కోసే చేతికి వచ్చే వాసన, దాని పేరు ఇక్కడ రాయనివ్వరు' అని పెట్టింది. దాన్ని మాత్రం క్షణంలో ప్రచురించేశారు.

మధ్యాహ్నం అచ్చాయమ్మ పచ్చ సీసా ఒక్క నొక్కు నొక్కి చేతులు కడుక్కుని, నెలకు పైగా మానేసినా పాత అలవాటు కొద్దీ మనవరాలికి ముద్ద కలిపింది. పెట్టే ధైర్యం లేక చెయ్యి గాల్లోనే ఆపింది. శ్రీదుర్గే ఆ చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరకు లాక్కుంది.

"నానమ్మా, నీచు లేదే!" అని నోరు తెరిచింది.

ముద్ద పెడుతూ అచ్చాయమ్మ కోడలి వైపు చూసింది. "విన్నావుటే, నన్ను తిట్టేసింది" అంది.